గట్టు ఎక్కడ వేయాలి? సపోర్ట్ వెక్టర్ మెషీన్‌లో మార్జిన్, కెర్నెల్ భావనలు

ఉపగ్రహ చిత్రాలలో వరి చేలను మొక్కజొన్న చేల నుంచి వేరుచేయడం, ఆకు ఛాయాచిత్రాన్ని బట్టి తెగులును గుర్తించడం, గింజ కొలతలను బట్టి రకాన్ని నిర్ధారించడం వంటి అంశాలపై వెలువడే పరిశోధన వ్యాసాలలో ‘సపోర్ట్ వెక్టర్ మెషీన్’ అనే పేరు తరచుగా కనిపిస్తుంది. చాలా వ్యాసాలలో ఆ పేరు పక్కన ఖచ్చితత్వ శాతం ఒక్కటే ఉంటుంది. ఆ శాతం ఏ నమూనాల మీద నిలబడి ఉన్నదో చెప్పే వ్యాసాలు తక్కువ. ఈ పద్ధతిలో అసలు కీలకం అదే. వందల నమూనాలు ఇచ్చినా, రెండు వర్గాల నడుమ హద్దును నిర్ణయించేవి వాటిలో కొన్ని మాత్రమే. ఆ కొన్ని ఏవో, అవి హద్దును ఎలా నిర్ణయిస్తాయో తెలిస్తే మిగిలిన విషయం సులభంగా బోధపడుతుంది.

దీనిని వివరించడానికి వ్యవసాయ గణాంక శాస్త్రానికి చిరపరిచితమైన ఒక దత్తాంశం చాలు. యాదృచ్ఛిక బ్లాకుల పద్ధతిని, విస్తృతి విశ్లేషణను అందించిన ఆర్.ఎ. ఫిషర్ రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రాన్ని విడిచి లండన్ చేరిన తరువాత, 1936లో ఐరిస్ పూల కొలతలపై ఒక వ్యాసం ప్రచురించారు. కొలతలు సేకరించినవారు అమెరికా వృక్షశాస్త్రవేత్త ఎడ్గార్ ఆండర్సన్. సెటోసా, వెర్సికలర్ జాతుల పూలు కెనడాలోని గాస్పే ద్వీపకల్పానికి చెందినవి. మూడవ జాతి వర్జినికా. ఒక్కొక్క జాతికి 50 చొప్పున మొత్తం 150 పూలు. ప్రతి పువ్వుకు రక్షకపత్రం పొడవు, వెడల్పు, ఆకర్షణపత్రం పొడవు, వెడల్పు అనే నాలుగు కొలతలు ఉన్నాయి. ప్రస్తుతానికి ఆకర్షణపత్రం పొడవును మాత్రమే తీసుకుందాం.

సగటుల నడుమ హద్దు, అంచుల నడుమ హద్దు

సెటోసా పూలలో ఆకర్షణపత్రం పొడవు 1.0 నుంచి 1.9 సెం.మీ. వరకు ఉంటుంది. వెర్సికలర్ పూలలో అది 3.0 నుంచి 5.1 సెం.మీ. వరకు ఉంటుంది. రెండింటి నడుమ 1.9 నుంచి 3.0 వరకు ఒక్క పువ్వు కూడా లేదు. ఈ ఖాళీలో హద్దును ఎక్కడ నిలిపినా 100 పూలూ సరిగానే విడిపోతాయి. అయితే ఆ అసంఖ్యాకమైన హద్దులలో దేనిని ఎంచుకోవాలి?

ఫిషర్ మార్గం సగటుల మీద ఆధారపడుతుంది. సెటోసా సగటు 1.46 సెం.మీ., వెర్సికలర్ సగటు 4.26 సెం.మీ. కొలత ఒక్కటే అయినప్పుడు, రెండు జాతులలోనూ విచలనం సమానమని భావిస్తే, హద్దు ఈ రెండు సగటుల మధ్యబిందువైన 2.86 వద్ద నిలుస్తుంది. ఇది కూడా 100 పూలను సరిగానే విడదీస్తుంది. కాని 3.0 సెం.మీ. ఉన్న వెర్సికలర్ పువ్వు ఈ హద్దుకు 0.14 సెం.మీ. దూరంలోనే ఉంది. అదే జాతికి చెందిన కొత్త పువ్వు ఒకటి మరో రెండు మిల్లీమీటర్లు పొట్టిగా ఉన్నా, అది సెటోసాగా లెక్కకు వస్తుంది.

సపోర్ట్ వెక్టర్ మెషీన్ సగటుల జోలికి పోదు. రెండు చేల నడుమ గట్టు వేసే రైతు ఇరువైపులా చివరి మొక్క ఎక్కడ ఉన్నదో చూసినట్లే, ఇది సెటోసాలో అతి పొడవైన పువ్వును, వెర్సికలర్‌లో అతి పొట్టి పువ్వును చూస్తుంది. 1.9కి, 3.0కి నడుమ పట్టగలిగినంత వెడల్పైన గట్టు వేస్తుంది. ఆ గట్టు నడిమి గీత 2.45 వద్ద ఉంటుంది. అదే హద్దు. గట్టు వెడల్పు 1.1 సెం.మీ. కాగా, హద్దు నుంచి ఇరువైపుల అంచులకు 0.55 సెం.మీ. చొప్పున ఎడం ఉంటుంది. ఈ ఎడాన్నే మార్జిన్ అంటారు. మార్జిన్ ఎంత ఎక్కువైతే, కొలతలో పొరపాటును గాని, కొత్త నమూనాలో వచ్చే సహజమైన తేడాను గాని హద్దు అంత ఎక్కువగా తట్టుకోగలుగుతుంది. 0.14 సెం.మీ. సహనానికి, 0.55 సెం.మీ. సహనానికి ఉన్న తేడాయే ఈ భావన సారాంశం.

రెండు కొలతలు తీసుకుంటే పూలు కాగితం మీద చుక్కలవుతాయి, హద్దు ఒక సరళరేఖ అవుతుంది, గట్టు ఆ రేఖకు ఇరువైపులా సమాంతరంగా సాగే పట్టీ అవుతుంది. మూడు కొలతలలో హద్దు ఒక తలం. కొలతలు ఎన్ని పెరిగినా సూత్రం మారదు. ఇరువైపుల నమూనాలను తాకకుండా వేయగలిగిన అత్యంత వెడల్పైన గట్టును వెతకడమే పని.

హద్దురాళ్లు

గట్టు అంచులను తాకుతూ నిలిచిన నమూనాలకే సపోర్ట్ వెక్టర్లని పేరు. పై ఉదాహరణలో అవి 1.9 సెం.మీ. ఉన్న సెటోసా పూలు, 3.0 సెం.మీ. ఉన్న వెర్సికలర్ పువ్వు. ఇవి హద్దురాళ్ల వంటివి. వీటిని ఉంచి మిగిలిన పూలన్నింటినీ తొలగించినా హద్దు 2.45 వద్దనే ఉంటుంది. వీటి విలువలు మారితే హద్దు కదలవచ్చు.

ఈ లక్షణం ఎంత మేలో, అంత ప్రమాదం కూడా. మేలు ఏమిటో ఈ దత్తాంశం చరిత్రే చూపుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ శాఖ భాండాగారం ద్వారా విస్తృతంగా వ్యాపించిన ఐరిస్ ఫైలులో ఫిషర్ ముద్రించిన విలువలతో పోలిస్తే కొన్ని దోషాలున్నాయి. 38వ సెటోసా పువ్వుకు ఆకర్షణపత్రం పొడవు 1.4కు బదులు 1.5గా నమోదైంది. సగటును వాడే పద్ధతిలో ఈ దోషం స్వల్పంగానైనా ఫలితంలోకి ప్రవేశిస్తుంది. మార్జిన్ పద్ధతిలో హద్దు వెంట్రుకవాసి కూడా కదలదు. 1.4 అయినా 1.5 అయినా ఆ పువ్వు గట్టుకు చాలా లోపల ఉంది.

ఇప్పుడు ప్రమాదాన్ని చూద్దాం. 3.0 సెం.మీ. ఉన్న వెర్సికలర్ పువ్వును నమోదు చేసేటప్పుడు చేయి జారి 2.0 అని రాశారనుకుందాం. ఇరువైపుల చివరి పూలు ఇప్పుడు 1.9, 2.0. హద్దు 1.95కు జరుగుతుంది. 1.1 సెం.మీ. గట్టు 0.1 సెం.మీ.కు కుంచించుకుపోతుంది. ఒక్క అంకె తప్పు పడినందుకు 99 పూల సాక్ష్యం పక్కకు పోయింది.

కొంత తప్పును సహించే గట్టు

వెడల్పైన గట్టు అనే ఆలోచన వ్లాదిమిర్ వాప్నిక్, అలెక్సీ చెర్వోనెంకిస్ 1960లలో మాస్కోలో చేసిన కృషి నుంచి వచ్చింది. ఒక్క తప్పు నమూనా గట్టును చిదిమివేయకుండా ఆపే మార్గాన్ని 1995లో కొరినా కార్టెస్, వాప్నిక్ ప్రచురించారు. దీనిని సాఫ్ట్ మార్జిన్ అంటారు. ఇందులో నమూనాలు గట్టు మీదికి ఎక్కవచ్చు, అవసరమైతే హద్దు దాటి అవతలకు కూడా పోవచ్చు. అయితే ఎంత లోపలికి చొరబడితే అంత జరిమానా పడుతుంది. ఆ జరిమానా రేటును C అనే అక్షరంతో సూచిస్తారు.

C చాలా ఎక్కువగా ఉంటే ఏ నమూనాకూ చొరబాటు అనుమతి ఉండదు. పై ఉదాహరణలోని 0.1 సెం.మీ. గట్టే మిగులుతుంది. C తగ్గించిన కొద్దీ, ఆ 2.0 పువ్వుకు కొంత జరిమానా చెల్లించి గట్టును మళ్లీ వెడల్పు చేసుకోవడమే లాభమని లెక్క తేలుతుంది. ఆ పువ్వును పూర్తిగా పక్కన పెడితే వెర్సికలర్‌లో తరువాతి అతి పొట్టి కొలత 3.3 సెం.మీ. కనుక హద్దు 2.6 దగ్గరకు చేరుతుంది. C మరీ తక్కువైతే చొరబాట్లు దాదాపు ఉచితమై, గట్టు అవసరానికి మించి వెడల్పై, హద్దు అర్థం కోల్పోతుంది.

సాఫ్ట్ మార్జిన్ దిద్దుబాటు కోసమే కాదు, నిజంగా కలిసిపోయిన వర్గాలకు కూడా కావాలి. వెర్సికలర్ పూలు 5.1 సెం.మీ. వరకు పెరుగుతాయి. వర్జినికా పూలు 4.5 నుంచే మొదలవుతాయి. ఇక్కడ ఖాళీ లేదు. హద్దును 4.75 వద్ద నిలిపితే ఆరు వెర్సికలర్ పూలు, ఒక వర్జినికా పువ్వు తప్పు వైపు పడతాయి. ఈ ఒక్క కొలతతో హద్దును ఎటు జరిపినా 100లో 7 కంటే తక్కువ తప్పులు సాధ్యం కావు.

నడుమ ఉన్న జాతిని వేరుచేయడం

ఇంతవరకు ప్రతి ప్రశ్నకూ ఒక్క హద్దు సరిపోయింది. ఇప్పుడు ప్రశ్నను మారుద్దాం. 150 పూలలో వెర్సికలర్‌ను మిగిలిన రెండు జాతుల నుంచి వేరుచేయాలి. ఆకర్షణపత్రం పొడవును బట్టి సెటోసా ఎడమవైపు, వర్జినికా కుడివైపు, వెర్సికలర్ నడుమ ఉన్నాయి. కొలత గీత మీద ఒక్క బిందువు దగ్గర కోసి నడిమి భాగాన్ని ఒకవైపుకు తేలేము. సేద్యంలో ఇటువంటి స్థితి కొత్త కాదు. విత్తే వేళ నేలలో పదును తక్కువైనా మొలక రాదు, ఎక్కువైనా రాదు. మంచి మొలక నడుమనే ఉంటుంది.

దీనికి ఉపాయం మరొక గడి చేర్చడం. ప్రతి పువ్వుకు పొడవుతో పాటు దాని వర్గాన్ని కూడా రాయాలి. 1.5 సెం.మీ. పువ్వు (1.5, 2.25) అవుతుంది. 4.0 సెం.మీ. పువ్వు (4, 16), 5.5 సెం.మీ. పువ్వు (5.5, 30.25) అవుతాయి. పొడవును అడ్డంగా, వర్గాన్ని నిలువుగా గుర్తిస్తే, ఇంతవరకు ఒకే గీత మీద ఉన్న పూలన్నీ పైకి వంగిన పరావలయం మీదికి చేరతాయి. పరావలయాన్ని ఒక సరళరేఖ రెండు చోట్ల కోయగలదు. ఆ కోతలు 2.45, 4.75 వద్ద పడేటట్లు గీసిన రేఖ ఇది.

x² = 7.2x − 11.64

4.0 సెం.మీ. పువ్వు దగ్గర రేఖ ఎత్తు 17.16, పువ్వు ఎత్తు 16. అది రేఖకు దిగువన ఉంది. 1.5 దగ్గర రేఖ ఎత్తు సున్నా కంటే తక్కువ, పువ్వు ఎత్తు 2.25. 5.5 దగ్గర రేఖ 27.96, పువ్వు 30.25. కనుక సెటోసా, వర్జినికా రేఖకు ఎగువన, వెర్సికలర్ దిగువన పడ్డాయి. ముందు చూసిన 7 పూలు తప్ప మిగిలిన 143 సరిగా విడిపోయాయి. హద్దు ఇప్పటికీ సరళరేఖే. నమూనాలను నిలిపిన స్థలం మాత్రం మారింది.

కెర్నెల్ చేసే పని

గడులు చేర్చడం ఒక కొలతకు తేలిక. నాలుగు కొలతలకు వర్గాలు నాలుగు, జంటల లబ్ధాలు ఆరు కలిపితే మొత్తం 14 గడులు అవుతాయి. 200 పట్టీలు నమోదు చేసే హైపర్‌స్పెక్ట్రల్ పరికరానికి ఇదే లెక్కన 20,300 గడులు. ఘనాల వరకు వెళితే 13 లక్షలు దాటుతాయి. ప్రతి నమూనాకు ఇన్ని గడులు నింపి దాచడం భారం.

ఇక్కడ ఒక అనుకూలత ఉంది. అత్యంత వెడల్పైన గట్టును వెతికే గణన నమూనాల విలువలను విడివిడిగా ఎక్కడా అడగదు. ప్రతి రెండు నమూనాల బిందు లబ్ధాన్ని, అంటే సంబంధిత గడులను గుణించి కూడగా వచ్చే ఒక్క సంఖ్యను మాత్రమే అడుగుతుంది. పెద్ద పట్టికలోని బిందు లబ్ధాన్ని చిన్న పట్టిక నుంచే నేరుగా రాబట్టగలిగితే పెద్ద పట్టికను తయారుచేయవలసిన అవసరమే ఉండదు.

2, 3 అనే రెండు కొలతలతో దీనిని సరిచూడవచ్చు. కొలతను x అనుకుని (x², √2·x, 1) అనే మూడు గడులు తయారుచేద్దాం. మొదటిది (4, 2√2, 1), రెండవది (9, 3√2, 1). గడులను గుణించి కూడితే 36 + 12 + 1 = 49. ఇప్పుడు గడులు నింపకుండా, రెండు కొలతలను గుణించి, ఒకటి కలిపి, వర్గం చేద్దాం. 2 × 3 = 6, ఒకటి కలిపితే 7, దాని వర్గం 49. రెండు దారులూ ఒకే సంఖ్యకు చేరాయి. రెండవ దారిని సాధించిన ఆ చిన్న సూత్రమే కెర్నెల్. 200 పట్టీలున్నా, 200 గుణకారాలు చేసి, కూడి, ఒకటి కలిపి, వర్గమో ఘనమో చేస్తే సరిపోతుంది. వెడల్పైన గట్టును, ఈ ఉపాయాన్ని జోడించి 1992లో బోజర్, గుయోన్, వాప్నిక్ ప్రకటించిన పద్ధతే నేటి సపోర్ట్ వెక్టర్ మెషీన్‌కు రూపం ఇచ్చింది.

కెర్నెల్ ఏమి చేయలేదో కూడా ఇక్కడే గమనించాలి. 4.5 సెం.మీ. పొడవు ఉన్న వర్జినికా పువ్వు ఒకటి ఉంది. సరిగ్గా అదే పొడవు ఉన్న వెర్సికలర్ పూలు ఏడు ఉన్నాయి. పొడవు ఒక్కటే తెలిసినంతవరకు ఈ ఎనిమిదింటినీ ఏ కెర్నెల్ విడదీయలేదు. ఒకే బిందువు ఎక్కడికి ఎత్తినా ఒకే బిందువుగానే ఉంటుంది. వెడల్పును కూడా చేరిస్తే విషయం తేలుతుంది. ఆ వర్జినికా పువ్వు ఆకర్షణపత్రం వెడల్పు 1.7 సెం.మీ.; ఆ ఏడు వెర్సికలర్ పూలలో ఏదీ 1.6 దాటదు. కెర్నెల్ హద్దును వంచగలదు. లేని సమాచారాన్ని సృష్టించలేదు. అది పొలంలో కొలత తీసుకునేవారి పని.

γ విలువ తప్పితే కనిపించే లక్షణాలు

పరిశోధన వ్యాసాలలో ఎక్కువగా వాడేది ఆర్.బి.ఎఫ్. కెర్నెల్. రెండు నమూనాల దూరం d అయితే వాటి సామ్యాన్ని ఇది exp(−γd²) గా లెక్కిస్తుంది. దూరం సున్నా అయితే సామ్యం 1. దూరం పెరిగిన కొద్దీ సున్నా వైపు పడిపోతుంది. ఎంత వేగంగా పడిపోవాలో γ నిర్ణయిస్తుంది. γ = 1 అయితే 0.5 సెం.మీ. తేడా ఉన్న పూల సామ్యం 0.78, 2 సెం.మీ. తేడా ఉంటే 0.018. దగ్గరి పూల మాటకు విలువ ఉంది, దూరపు పూల మాటకు లేదు. γ = 0.01 అయితే 2 సెం.మీ. తేడాకు కూడా సామ్యం 0.96. అన్ని పూలూ ఒకేలా కనిపించి హద్దు వంగే శక్తి కోల్పోతుంది. γ = 100 అయితే 0.5 సెం.మీ. తేడాకే సామ్యం ఆచరణలో సున్నా. అప్పుడు ప్రతి పువ్వు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మడిని మాత్రమే ఏలుతుంది.

ఈ చివరి స్థితి మోసకరమైనది. శిక్షణ నమూనాలలో తప్పులు దాదాపు మాయమవుతాయి. గుర్తుపట్టడానికి రెండు ఆనవాళ్లు ఉన్నాయి. పక్కన ఉంచిన పరీక్ష నమూనాలలో ఖచ్చితత్వం గణనీయంగా పడిపోవడం మొదటిది. సపోర్ట్ వెక్టర్ల సంఖ్య మొత్తం శిక్షణ నమూనాల సంఖ్యకు చేరువ కావడం రెండవది. ప్రతి నమూనా హద్దురాయి అయితే అక్కడ హద్దు లేదు, కంఠస్థం చేసిన పట్టిక మాత్రమే ఉంది. అందువల్ల C, γ రెండింటినీ 0.01, 0.1, 1, 10, 100 వంటి విశాలమైన మెట్ల మీద కలిపి పరీక్షించి ఎంచుకోవాలి.

ఈ కెర్నెల్ దూరం మీద ఆధారపడుతుంది కనుక ప్రమాణాల విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఒక మట్టి నమూనాలో హెక్టారుకు 200 కిలోల పొటాష్, 0.4 శాతం సేంద్రియ కర్బనం ఉన్నాయి. మరొకదానిలో 250 కిలోలు, 0.9 శాతం. పొటాష్ తేడా వర్గం 2500, కర్బనం తేడా వర్గం 0.25. సేద్యపరంగా కర్బనంలో ఉన్నదే పెద్ద తేడా అయినా, లెక్కలో దాని వాటా పదివేలలో ఒక వంతు. ప్రతి కొలత నుంచి దాని సగటును తీసివేసి, క్రమవిచలనంతో భాగించిన తరువాతనే నమూనాలను ఇవ్వాలి. ఆ సగటును, విచలనాన్ని శిక్షణ నమూనాల నుంచే తీసుకోవాలి.

ఉపగ్రహ చిత్రాలలో మరొక చిక్కు ఉంది. 10 మీటర్ల పిక్సెల్ అయితే ఒక ఎకరంలో సుమారు 40 పిక్సెళ్లు ఉంటాయి. అవి ఒకే రకం, ఒకే విత్తు తేదీ, ఒకే నీటి తడి పొందినవి. పిక్సెళ్లను యాదృచ్ఛికంగా రెండు భాగాలు చేస్తే ఒకే చేను శిక్షణలోనూ పరీక్షలోనూ ఉంటుంది. అప్పుడు వచ్చే ఖచ్చితత్వం ఆ చేనును మళ్లీ గుర్తుపట్టిన ఖచ్చితత్వం మాత్రమే. విభజన చేనుల వారీగా జరగాలి; అంతకంటే గ్రామాల వారీగా జరిగితే మేలు.

సపోర్ట్ వెక్టర్ల జాబితాతో చేయవలసినది

శిక్షణ పూర్తయిన తరువాత సాఫ్ట్‌వేర్ సపోర్ట్ వెక్టర్ల జాబితాను ఇస్తుంది. చాలామంది దానిని తెరిచి చూడరు. 3.0 సెం.మీ. పువ్వు ఉదాహరణ చూపినట్లు, హద్దు భారమంతా ఆ జాబితాలోని నమూనాల మీదనే ఉంది. వాటిలోనూ గట్టు దాటి అవతలి వైపు చిక్కుకున్నవాటిని మొదట పరిశీలించాలి. వరి అని రాసుకున్న చేను నిజంగా వరేనా, నమూనా సంచి మీద చీటీ మారిందా, కొలతలో దశాంశ బిందువు జరిగిందా అన్నది క్షేత్ర పుస్తకంతో సరిచూడాలి. సందేహం తీరకపోతే ఆ చేనుకే మళ్లీ వెళ్లాలి. నమోదు తప్పని తేలితే సరిదిద్ది మళ్లీ శిక్షణ ఇవ్వాలి. నమోదు సరైనదేనని తేలితే ఆ నమూనాను తొలగించరాదు. రెండు పంటలు, రెండు రకాలు నిజంగా ఎక్కడ ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయో చెప్పే సాక్షి అదే; తరువాతి విడతలో ఏ కొత్త కొలత తీసుకోవాలో సూచించేదీ అదే.